కుర్తీ నడుము బిగిస్తే వెనక గేటు కమ్మీలు వంగిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: గుంటూరులో మాది చిన్న బొటిక్ అండి. మంగళగిరి కాటన్ కుర్తీలు కుట్టించి ఆన్‌లైన్‌లో అమ్ముతాం. మా చెల్లిని షాపు గ్రిల్ గేటు ముందు నిలబెట్టి ఫోటోలు తీశాను. పసుపు కుర్తీ నడుము దగ్గర మరీ వదులుగా ఉంది. ఫోటోషాప్‌లో Liquify పెట్టి లోపలికి నెడితే వెనక నిలువు కమ్మీలు కూడా వంగిపోతున్నాయి. Freeze Mask వేస్తే అంచు పక్కన కమ్మీ రెండుసార్లు కనిపిస్తోంది. ఇంకో నీలం కుర్తీ ఒంటికి అతుక్కున్నట్టుంది, దాన్ని కాస్త వదులు చేయాలి. ఎలా చేస్తారో చెప్పగలరా?

సమాధానం:

నమస్తే అండి. విజయవాడలో బట్టల షాపులకు కేటలాగ్ ఫోటోలు దిద్దడమే నా పని. గేటు ముందు, కిటికీ ముందు, టైల్స్ గోడ ముందు తీసిన ఫోటోలే ఎక్కువ వస్తుంటాయి కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. మీ రెండు కుర్తీలకు ఒకే పద్ధతి పనికిరాదు. బిగించడం వేరు, వదులు చేయడం వేరు. ఎందుకో ముందు చెబుతాను, అది తెలిస్తే మిగతా పని సులువవుతుంది.

Liquify లో బ్రష్‌తో నెట్టినప్పుడు బట్ట ఒక్కటే జరగదు. ఆ ఫిల్టర్‌కు బట్టకూ గేటుకూ తేడా తెలియదు, దానికి రెండూ ఒకే లేయర్ మీదున్న రంగులే. ఫోటోలో ప్రతి చోటికీ “ఇక్కడ చూపించాల్సిన రంగును ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి” అని అది ఒక లెక్క పెట్టుకుంటుంది. మీరు నడుము అంచును లోపలికి నెట్టగానే, ఇదివరకు పసుపు బట్ట ఉన్న చోట ఇప్పుడు వేరే ఏదో కనిపించాలి. ఫిల్టర్ దగ్గర కొత్త రంగేమీ లేదు. అందుకని పక్కనున్న గేటును సాగదీసి ఆ ఖాళీ నింపుతుంది. కమ్మీ వంగేది అక్కడే.

Freeze Mask వేస్తే ఏమవుతుందంటే, గేటు ఉన్న చోట లెక్క మారదు, కమ్మీ నిటారుగా అలాగే ఉంటుంది. కానీ అంచుకు లోపలి వైపు ఖాళీని నింపడానికి రంగు కావాలి కదా, అది మళ్లీ ఆ గేటు నుంచే తెచ్చుకుంటుంది. ఫ్రీజ్ చేసిన చోట ఏదీ కదలదు తప్ప, అక్కడి నుంచి రంగు తీసుకోవడాన్ని ఆ మాస్క్ ఆపదు. అందుకే అసలు కమ్మీ అక్కడే ఉండి, దాని నకలు పక్కన తేలుతోంది. మీకు డబుల్ కనిపిస్తున్నది ఇదే. బ్రష్ సైజు మార్చినా, ప్రెజర్ తగ్గించినా ఇది పోదు. ఎందుకంటే లోపం మీ చేతిలో లేదు, ఆ ఫోటోలో కుర్తీ వెనక గేటే లేదు.

కుర్తీని బిగిస్తే ఇంతవరకు కుర్తీ వెనక దాగి ఉన్న గేటు కొంత బయటపడాలి. దాన్ని మనం తయారు చేసి పెట్టాలి. వదులు చేస్తే కుర్తీ ఇంకొంచెం గేటును కప్పేస్తుంది, కొత్తగా ఏమీ బయటపడదు. కాబట్టి మీ నీలం కుర్తీకి గేటును తయారు చేసే పనే లేదు. పసుపు కుర్తీకి మాత్రం అదే అసలు పని.

ఎంత నెట్టాలో ముందు లెక్క వేసుకోండి

చాలామంది కంటికి బాగున్నంతవరకు నెట్టుకుంటూ పోతారు. అలా చేస్తే కుర్తీ రెండు సైజులు తగ్గినట్టు తయారవుతుంది. టైలర్ లెక్కతోనే చూడండి. ఈ కుర్తీ నడుము చుట్టుకొలత 36 అంగుళాలు, మీ టైలర్ అయితే రెండు అంగుళాలు పట్టేవాడు అనుకుందాం. అంటే పద్దెనిమిదో వంతు తగ్గాలి. చుట్టుకొలత ఎంత వంతు తగ్గితే ముందు నుంచి కనిపించే వెడల్పు కూడా ఇంచుమించు అంతే వంతు తగ్గుతుంది. మీ ఫోటోలో నడుము ఈ పక్క నుంచి ఆ పక్కకు 1050 పిక్సెల్స్ ఉందనుకుంటే, మొత్తం తగ్గాల్సింది 58 దాకా, ఒక్కో పక్క 29. అంతే. వెడల్పు కొలవడానికి Ruler Tool వాడండి.

ఇంత తక్కువా అనిపిస్తుంది కానీ, ఫోటోలో ఇదే నిజమైన రెండు అంగుళాల తేడా. ఈ అంకె దగ్గరుంటే గేటు కూడా ఎంత మేర తయారు చేయాలో తెలుస్తుంది. ఒక్కో పక్క 30 పిక్సెల్స్ బయటపడతాయి, జాగ్రత్తకు ఇంకో ఇరవై కలిపితే 50 పిక్సెల్స్ వెడల్పు పట్టీ చాలు. కుర్తీ వెనకున్న గేటంతా గీయాల్సిన పని లేదు.

మనిషిని విడదీయడం

అసలు ఫోటో లేయర్‌ను అలాగే ఉంచి తాళం వేయండి. `Select > Subject` తో చెల్లిని సెలెక్ట్ చేయండి. అది ముఖం, జుట్టు బాగానే పట్టుకుంటుంది. కుర్తీ పక్క అంచులను మాత్రం నమ్మకండి, ముదురు గేటు నీడ దగ్గర తరచూ తప్పు పోతుంది. ఆ రెండు పక్కలూ చంక నుంచి సైడ్ కట్ వరకు Pen Tool తో మీరే గీయండి. బట్ట అంచుకు ఒక పిక్సెల్ లోపలే గీత ఉండాలి. తర్వాత ఆ సెలెక్షన్‌ను `Select > Save Selection` తో భద్రపరచుకోండి, రెండు మూడుసార్లు అవసరం పడుతుంది. ఇప్పుడు Ctrl+J కొడితే మనిషి ఒక్కతే కొత్త లేయర్ మీదకు వస్తుంది.

చేతులు ఎలా ఉన్నాయో చూడండి. చేయి నడుముకు దూరంగా ఉండి మధ్యలో చిన్న సందు కనిపిస్తుంటే, ఆ సందులోంచి కనిపించే గేటును కూడా సెలెక్షన్ నుంచి తీసేయాలి. చూసేవాళ్ల కన్ను మొదట పోయేది ఆ సందు మీదకే. చేయి కుర్తీకి ఆనుకుని ఉంటే చేతిని విడిగా ఇంకో లేయర్ చేసి పైన పెట్టుకోండి. లేకపోతే కుర్తీని నెట్టినప్పుడు ముంజేయి కూడా సన్నబడుతుంది, గాజులు కోడిగుడ్డులా సాగుతాయి.

కుర్తీ వెనక గేటు తయారు చేయడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. అసలు ఫోటోను ఇంకో కాపీ చేసి మనిషి లేయర్ కింద పెట్టండి. భద్రపరచిన సెలెక్షన్‌ను మళ్లీ తెచ్చి `Select > Modify > Expand` లో 8 పిక్సెల్స్ పెంచండి. ఈ పెంచడం మానేయకండి. బట్ట అంచు చుట్టూ పసుపూ గేటు రంగూ కలిసిన సన్నటి గీత ఒకటి ఉంటుంది, అది కిందే మిగిలిపోతే బిగించిన తర్వాత పాత కుర్తీ ఆకారం పసుపు దారంలా కనిపిస్తుంది.

తర్వాత `Edit > Content-Aware Fill` వాడండి. గోడ, ఆకాశం, చెట్లు అయితే ఇది చాలు. నిలువు కమ్మీలకు చాలదు. కమ్మీ మధ్యలో తెగుతుంది, లేదా చెల్లి చున్నీ ముక్క ఎక్కడో కనిపిస్తుంది. ఆ విండోలో ఎడమవైపు ఆకుపచ్చగా కనిపించేది అది రంగు తీసుకునే చోటు. మనిషికి దగ్గరగా ఉన్న భాగాన్నీ, నేలనూ అందులోంచి చెరిపేసి గేటు ఒక్కదాన్నే ఉంచితే కొంత మెరుగవుతుంది. మధ్యలో ఎంత గజిబిజిగా వచ్చినా పట్టించుకోకండి, అది ఎప్పటికీ కుర్తీ వెనకే ఉంటుంది. మనకు కావాల్సింది అంచు పక్కన ఆ 50 పిక్సెల్స్ పట్టీ ఒక్కటే.

ఆ పట్టీని చేత్తో చేద్దాం. గ్రిల్ గేటులో మనకు కలిసొచ్చేది కమ్మీల మధ్య దూరం సమానంగా ఉండటం. నడుముకు ఎడమ పక్క పూర్తిగా కనిపిస్తున్న ఒక కమ్మీని, దాని పక్క ఖాళీతో సహా, నడుము ఎత్తు మేర సెలెక్ట్ చేసి Ctrl+J కొట్టండి. కమ్మీకీ కమ్మీకీ మధ్య దూరం కొలవండి. అది 300 పిక్సెల్స్ అయితే ఈ ముక్కను సరిగ్గా 300 కుడివైపుకు జరపండి, Shift పట్టుకుని జరిపితే పైకీ కిందికీ కదలదు. కుర్తీ అంచు దగ్గర సగం కనిపిస్తున్న కమ్మీ మీద ఇది అతికినట్టు కూర్చోవాలి. కూర్చోకపోతే కెమెరా కాస్త పక్క నుంచి చూసిందని అర్థం. అప్పుడు `Edit > Transform > Skew` తో కొద్దిగా వాల్చండి. ముక్క అంచులను మాస్క్‌లో మెత్తటి బ్రష్‌తో కలిపేయండి. కుడి పక్కకూ ఇదే పని, అక్కడి కమ్మీతో.

ముక్క అదే ఫోటో నుంచి తీసుకున్నాం కాబట్టి మసక, గ్రెయిన్ రెండూ వాటంతటవే కలుస్తాయి. వెలుతురు మాత్రం ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ ఉండొచ్చు. ముక్క కాస్త ముదురుగా అనిపిస్తే దానికి ఒక్కదానికే Curves కట్టి సరిచేయండి. ఇప్పుడు మనిషి లేయర్ కన్ను మూసి చూడండి. మధ్యలో అస్తవ్యస్తంగా ఉన్నా, పాత కుర్తీ అంచు ఉన్న చోటంతా శుభ్రమైన గేటు కనిపించాలి. ఎక్కడైనా పసుపు మరక మిగిలితే ఇప్పుడే తీసేయండి.

ఇప్పుడు Liquify

మనిషి లేయర్‌ను కుడి క్లిక్ చేసి Convert to Smart Object పెట్టండి. ఇలా చేస్తే Liquify తర్వాత కూడా మళ్లీ తెరిచి మార్చుకోవచ్చు. `Filter > Liquify` తెరిచి Show Backdrop టిక్ చేస్తే కింద గేటు కనిపిస్తూ ఉంటుంది.

ఇక్కడ Freeze Mask వాడండి, కానీ గేటు కోసం కాదు. గేటు ఈ లేయర్ మీద లేనే లేదు. మీరు కాపాడాల్సింది చేతులు, మెడ, ముందు బటన్ పట్టీ, కింద జరీ అంచు. బటన్ పట్టీ ఒక్క పిక్సెల్ వంకరపోయినా కుర్తీ తప్పుగా కుట్టినట్టుంటుంది.

బ్రష్ పెద్దదిగా పెట్టండి. చంక నుంచి పిరుదు దాకా మీ ఫోటోలో 900 పిక్సెల్స్ పొడవుంటే బ్రష్ 600 దాకా ఉండాలి. Pressure 20 దగ్గర, Density 50 దగ్గర మొదలుపెట్టండి. చిన్న బ్రష్‌తో చాలాసార్లు నెడితే అంచు అలలు అలలుగా అయిపోతుంది. పెద్ద బ్రష్‌తో కొద్దికొద్దిగా నెడితే పక్క కుట్టు ఒకే వంపులో వస్తుంది. Forward Warp Tool తీసుకుని బ్రష్ మధ్య గుర్తును అంచుకు కాస్త బయటపెట్టి, అడ్డంగా మాత్రమే లోపలికి నెట్టండి. నడుము దగ్గర 30 పిక్సెల్స్, అక్కడి నుంచి పైకి చంక వైపు, కిందికి తుంటి వైపు క్రమంగా తగ్గుతూ చివరికి సున్నా కావాలి.

పొడవాటి కుట్టు అయితే Push Left Tool ఇంకా నున్నగా పనిచేస్తుంది. దాన్ని పైకి లాగితే ఎడమకు, కిందికి లాగితే కుడికి నెడుతుంది. అంటే ఫోటోలో కుడి పక్క అంచు మీద పైకి, ఎడమ పక్క అంచు మీద కిందికి లాగితే రెండు పక్కలా లోపలికే వస్తుంది. ఎక్కువైందనిపిస్తే మొత్తం తీసేయకండి, Reconstruct నొక్కి స్లైడర్‌ను కొంచెం తగ్గించండి.

బయటికి వచ్చాక అంచు చుట్టూ నల్లగా సన్నటి గీత కనిపిస్తే అది పాత గేటు రంగు. Liquify పెట్టకముందే `Layer > Matting > Defringe` లో ఒక పిక్సెల్ ఇచ్చి ఉంటే అది రాదు. ఇప్పుడు కనిపించినా ఫర్వాలేదు, Smart Object ను డబుల్ క్లిక్ చేసి లోపల అదే ఇచ్చి సేవ్ చేయండి.

అంచు బిగిసింది, మడతలు బిగియలేదు

ఇంతవరకు వచ్చి ఆగిపోయిన ఫోటోలు చాలా చూస్తుంటాను. బొమ్మ ఆకారం సన్నగా ఉంటుంది, బట్ట మాత్రం వదులు బట్టలాగే ఉంటుంది. ఏదో తేడాగా ఉందని కన్ను పట్టేస్తుంది, కారణం మాత్రం చెప్పలేదు. వదులు కుర్తీ మడతలు ఛాతీ దగ్గర మొదలై నిలువుగా కిందికి జారతాయి, పొడుగ్గా, మెత్తగా ఉంటాయి. బిగుతు కుర్తీలో నిలువు మడతలు దాదాపు ఉండవు. ఎక్కడ బిగుతుందో అక్కడి నుంచి చిన్న చిన్న ముడతలు అడ్డంగానో ఏటవాలుగానో బయలుదేరతాయి, చంక దగ్గరా నడుము దగ్గరా. రెండు అంగుళాలు తగ్గించిన కుర్తీ ఈ రెండింటికీ మధ్యలో ఉండాలి.

ఇంకో సంగతి, అంచును లోపలికి నెట్టినప్పుడు అంచు పక్కనున్న నిలువు మడతలు ఒకదానికొకటి దగ్గరై నీడ ముదురుతుంది. కాబట్టి ఒక ఖాళీ లేయర్ తీసి Healing Brush కు Current & Below పెట్టుకుని, అంచుకు దగ్గరున్న ఒక్క మడతను తీసేయండి. దాని పక్క మడతను పూర్తిగా తీయకుండా సగానికి తగ్గించండి. వేరే లేయర్ మీద చేసి ఒపాసిటీ 50 పెడితే అదే సగం. అన్నీ తీసేస్తే కుర్తీ కాగితంలా అవుతుంది. మంగళగిరి కాటన్ నేత దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది కాబట్టి, Alt నొక్కి బట్టను తీసుకునే చోటు అదే ఎత్తులో, అదే వెలుతురులో ఉండాలి. ముఖ్యంగా జరీ అంచు దగ్గర నుంచి తీసుకోకండి.

అడ్డ ముడతలు కొత్తగా గీయమని నేను చెప్పను. రెండు అంగుళాలకు అవి అవసరం లేదు. ఎవరైనా నాలుగు అంగుళాలు తగ్గించమని అడిగితే అప్పుడు అవి లేకుండా కుదరదు, గీసినా నమ్మేలా రావు. ఆ హద్దు దాటితే ఫోటో మళ్లీ తీయడమే మేలు.

గళ్ల కుర్తీ, చారల కుర్తీ అయితే ఇంకా జాగ్రత్త. నడుము వెడల్పులో బయటి మూడో వంతు మాత్రమే కదలాలి, మధ్య భాగం కదలకూడదు. పక్కల దగ్గర గళ్లు ఇరుకుగా కనిపించడం సహజమే, ఒంటి గుండ్రతనం వల్ల నిజంగానూ అలాగే కనిపిస్తాయి. మధ్యలో గళ్లు ఇరుకైతే మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

నీలం కుర్తీ

దీనికి గేటును తయారు చేసే పని లేదన్నాను కదా. మనిషిని అలాగే విడదీసి, అసలు ఫోటో మీదే పెట్టి, Liquify లో అంచును బయటికి నెట్టండి. వెనకున్న అసలు ఫోటో కదలదు, కమ్మీలూ కదలవు. చూసుకోవాల్సింది ఒక్కటే. బయటికి నెడుతున్నప్పుడు పక్క భాగం ఎక్కడైనా లోపలికి పోయిందంటే కింద ఉన్న పాత కుర్తీ అంచు తొంగిచూస్తుంది. నీలం అంచు రెండుగా కనిపించిన చోటల్లా అదే జరిగింది. ఆ చోట కాస్త బయటికి నెడితే సరిపోతుంది.

వదులు చేయడంలో ఇబ్బంది నేపథ్యంలో కాదు, బట్టలో వస్తుంది. సాగదీసిన చోట నేత పెద్దదవుతుంది, మసకబారుతుంది. వంద శాతం జూమ్‌లో నేత ఛాతీ దగ్గర ఒకలా, పక్కన ఒకలా కనిపిస్తే ఎక్కువైనట్టే. అందుకని అంచు ఒక్కదాన్నే లాగకండి. నడుము మధ్య నుంచి అంచు దాకా వెడల్పంతా పెద్ద బ్రష్‌తో కొంచెం కొంచెంగా పంచండి. చీలికకు కింద కుర్తీ అంచును కూడా కొద్దిగా వెడల్పు చేయండి. పైన వదులై కింద అలాగే ఉంటే పొట్ట పెరిగినట్టు కనిపిస్తుంది తప్ప కుర్తీ వదులైనట్టు ఉండదు.

వదులు నమ్మించేది నిలువు మడతలే కాబట్టి ఒకటి రెండు జోడించాలి. 50 శాతం గ్రే నింపిన లేయర్‌ను Soft Light లో పెట్టి, Burn Tool ను 5 శాతం దగ్గర ఉంచి, ఛాతీ కింద నుంచి తుంటి దాకా ఒక మెత్తటి నీడ గీయండి. వెలుతురు వచ్చే వైపు దాని పక్కనే Dodge తో సన్నటి మెరుపు ఇవ్వండి. మడత పైన సన్నగా మొదలై కిందికి వెడల్పవ్వాలి. ఆమె వేసుకున్న మిగతా బట్టల్లో, చున్నీలోనో సల్వార్‌లోనో, నీడ ఏ పక్కకు పడుతోందో చూసి అదే పక్కకు వేయండి.

కమ్మీలు నిజంగా కదల్లేదా?

కంటితో చూసి సంతృప్తి పడకండి. అసలు ఫోటో కాపీని అన్నిటికన్నా పైన పెట్టి బ్లెండ్ మోడ్ Difference చేయండి. రెండూ ఒకేలా ఉన్న చోటల్లా నలుపు కనిపిస్తుంది. దాని పైన Curves వేసి బాగా వెలుగు పెంచండి. మనిషి అంచు చుట్టూ సన్నటి పట్టీ, మీరు నెట్టిన కుర్తీ భాగం, దిద్దిన మడతలు మాత్రమే వెలగాలి. గేటులో దూరంగా ఎక్కడైనా కమ్మీ అంచు తెల్లటి గీతలా వెలిగిందంటే అక్కడ ఏదో కదిలింది. మొహం, పాదాలు కూడా నల్లగానే ఉండాలి. చూశాక ఆ రెండు లేయర్లూ తీసేయండి.

అమ్మే ఫోటో కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. మీ చెల్లికి S సరిపోతుంది, కుర్తీ M అనుకుందాం. M సరిపోయే అమ్మాయి వేసుకుంటే ఎలా కూర్చుంటుందో అంతవరకు బిగించడం న్యాయమే. కుట్టులో లేని ఫిట్టింగ్ ఫోటోలో చూపిస్తే కొన్నవాళ్లకు అలా కూర్చోదు, కుర్తీ వెనక్కి వస్తుంది. అలాగే బట్ట లోపల ఉన్న మనిషి నడుమును సన్నం చేయకండి. అంచు ఒంటిని తాకే చోటికి వచ్చిందంటే అక్కడ ఆపేయాలి, అంతకన్నా లోపలికి వెళితే మీరు కదిలిస్తున్నది బట్ట కాదు.

ఇకపై ఫోటోలు తీసేటప్పుడు రెండు పనులు చేయండి, పై పనిలో చాలా భాగం తప్పుతుంది. మొదటిది, వదులుగా ఉన్న కుర్తీని వెనక వైపు నడుము దగ్గర కాగితాల క్లిప్పులతో పట్టండి. ముందు నుంచి క్లిప్పులు కనిపించవు, మడతలు కూడా నిజంగానే బిగుతు మడతల్లా వస్తాయి. మరీ లాగి పెట్టకండి, ముందు పక్క కుట్టు వెనక్కి తిరుగుతుంది.

రెండోది, ఫోన్‌నో కెమెరానో స్టాండ్ మీద పెట్టి, ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేసి, చెల్లిని పక్కకు తప్పుకోమని ఖాళీ గేటును ఒక ఫోటో తీసుకోండి. తర్వాత ఏ కుర్తీ బిగించాల్సి వచ్చినా ఆ ఖాళీ ఫోటోను మనిషి లేయర్ కింద పెడితే చాలు, కమ్మీలు గీయాల్సిన అవసరమే ఉండదు. స్టాండ్ ఒక వెంట్రుకవాసి కదిలినా `Edit > Auto-Align Layers` రెండింటినీ కలుపుతుంది. ఎండ మారితే గేటు మీద నీడ కూడా మారుతుంది కాబట్టి మబ్బు పట్టినప్పుడో, పొద్దు వాలిపోయినప్పుడో ప్రతి కుర్తీకీ ఒక ఖాళీ ఫోటో కొత్తగా తీసుకోండి.